మూడు నిమిషాల ఫిల్ముకు యాభై ఐదు రోజులు

ఫిబ్రవరి 3న ఫోన్ వచ్చింది. యాడ్ ఫిల్ముల డైరెక్టర్ కుర్రాడు, నాకు పత్రికలో పనిచేసే రోజుల నుంచి పరిచయం. "అన్నా, గుంటూరులో ఒక ఆసుపత్రికి మూడు నిమిషాల ఫిల్ము. ఉగాదికి కొత్త బ్లాక్ ప్రారంభం, అప్పుడు వేస్తారు. వాయిస్ ఓవర్ నువ్వు రాయాలి" అన్నాడు. మూడు నిమిషాలే కదా, రెండు పేజీలు, రెండు రోజుల్లో అయిపోతుందనుకున్నాను. పదిహేను వేలకు ఒప్పుకున్నాను. ఐదు వేలు అడ్వాన్సు. ఇరవై ఏళ్లు వార్తలు రాసినవాణ్ణి, కానీ రాసినదాన్ని ఇంకొకరు బయటికి చదువుతుంటే దాని కింద బొమ్మలు కదలడం నాకు అదే మొదటిసారి. మొదటిసారి చేసేవాళ్లకు ఎక్కడ దెబ్బ తగులుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 6న ఆసుపత్రికి వెళ్లాం. ఎండీ గారు మాకు ఇంగ్లిష్ బ్రోచర్ ఒకటి చేతికిచ్చి "ఇందులో అన్నీ ఉన్నాయి, తెలుగు చేస్తే చాలు" అన్నారు. డైరెక్టర్ నడుస్తూ షాట్లు చెబుతుంటే నేను రాసుకున్నాను. పైనుంచి డ్రోన్, గేటు, రిసెప్షన్, ఓపీ హాలు, క్యాథ్‌ల్యాబ్, ఎంఆర్‌ఐ చుట్టూ కెమెరా తిరగడం, లేబర్ రూమ్, ఐసీయూ, చివర డిశ్చార్జి అయి ఆటో ఎక్కుతున్న ముసలాయన. ఒక్కోదానికి ఎన్ని సెకన్లో కూడా అక్కడే చెప్పాడు. ఇంటికొచ్చి కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేశాను. ఎడమ పక్క తెర మీద కనిపించేది, కుడి పక్క వినిపించేది. ఆ పద్ధతి అతనే నేర్పాడు.

ఫిబ్రవరి 10న మొదటి ప్రతి పంపాను. పంపేముందు నా టేబుల్ దగ్గర కూర్చుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివాను. రెండు నిమిషాల ముప్ఫై ఐదు సెకన్లు. మూడు నిమిషాల్లో హాయిగా పట్టేసింది. మొత్తం కథకు మూలమైన తప్పు ఇదే. అప్పటికి మాత్రం సంతోషంగా ఉంది.

తరువాత పదకొండు రోజులు ఒక్క కబురూ లేదు. ఫిబ్రవరి 21న మీటింగ్‌కు పిలిచారు. ఎండీ గారు, గైనకాలజిస్ట్ మేడమ్, క్వాలిటీ మేనేజర్, అకౌంట్స్ ఆయన, అందరి చేతుల్లోనూ నా స్క్రిప్టు జిరాక్సు కాపీలు. భాష గురించి గొడవ పడతారనుకుని సిద్ధపడి వెళ్లాను. దాని జోలికి ఎవరూ పోలేదు. వాళ్ల అభ్యంతరాలు వేరు, అవి న్యాయమైనవే.

నేను "ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు పొందిన ఆసుపత్రి" అని రాశాను. ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ అది. క్వాలిటీ మేనేజర్ ఒప్పుకోలేదు. "మాది ఎంట్రీ లెవెల్ సర్టిఫికేషన్ అండీ. పూర్తి అక్రెడిటేషన్ వేరు. ఇది అదని జనం అనుకునేలా రాయకూడదు" అన్నారు. మార్చాను. మూడక్షరాల 'గుర్తింపు' పోయి తొమ్మిది అక్షరాల 'ఎంట్రీ లెవెల్ సర్టిఫికేషన్' వచ్చింది. అలవాటు కొద్దీ 'ఆరోగ్యశ్రీ' అని రాశాను, ఇప్పుడది ఆంధ్రప్రదేశ్‌లో 'డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ'. నాలుగు అక్షరాలు తొమ్మిదయ్యాయి. గైనకాలజిస్ట్ మేడమ్ అయితే ఒక వాక్యం మీద పెన్నుతో అడ్డంగా గీత కొట్టేశారు. స్కానింగ్ గది షాట్ కింద నేను "కడుపులోని బిడ్డ గురించి అన్నీ తెలుసుకోవచ్చు" అని రాశాను. మంచి ఉద్దేశంతోనే రాశాను. "అన్నీ అంటే ఏమిటండీ? ఆడో మగో కూడానా? 1994 చట్టం ఉంది, అది చెప్పడమే కాదు, చెబుతామని ప్రకటించడమూ నేరమే. ఈ మాట మా గోడల మధ్య వినపడకూడదు" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. 'ఈ ప్రాంతంలోనే అత్యుత్తమ గుండె నిపుణులు' అన్న ముక్కను ఎండీ గారే తీయించారు. డాక్టర్లు తమను తాము పొగుడుకుంటూ రోగులను పిలవకూడదని మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలోనే ఉందట. ఆసుపత్రి ఉందని చెప్పుకోవచ్చు, ఏ సౌకర్యాలున్నాయో చెప్పుకోవచ్చు, గొప్పలు మాత్రం వద్దు అన్నారు.

అంత పద్ధతిగా మాట్లాడిన ఆయనే చివర్లో ఇంకో కాగితం తీశారు. పద్నాలుగు మంది డాక్టర్ల పేర్లు, డిగ్రీలు. అందరివీ వాయిస్‌లో రావాలట. 'ఎంబీబీఎస్, ఎండీ, డీఎం కార్డియాలజీ' అని చదివి చూడండి, పేరు రాకముందే రెండున్నర సెకన్లు. పద్నాలుగు మందికి నిమిషం పైన పోతుంది. పేర్లు తెర మీద అక్షరాల్లో వేస్తామని, ఆ ముక్కలో మ్యూజిక్ తప్ప ఇంకేమీ ఉండదని డైరెక్టర్ ఒప్పించాడు. ఒకరి పేరు చదువుతుండగా చెవిలో ఇంకో మాట పడితే రెండూ ఎక్కవని అతను చెప్పిన మాట అప్పుడు తప్పించుకోవడానికి చెప్పినట్టే అనిపించింది. తరువాత ఎడిటింగ్‌లో చూస్తే నిజమే.

ఇలా చేర్పులు చేర్చుకుంటూ పోగా, ఆమోదం పొందిన స్క్రిప్టును మళ్లీ నా స్టాప్‌వాచ్‌తో చదివితే 2 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. ఇంకా పది సెకన్లు మిగిలాయి కదా అనుకున్నాను.

షూటింగ్ ఫిబ్రవరి 26, 27. ఇరవై ఆరు శివరాత్రి. ఆ రోజు ఓపీ పలచగా ఉంటుంది, రోగులకు ఇబ్బంది ఉండదని డైరెక్టరే ఎంచుకున్నాడు. తెలివైన ఆలోచనే కానీ, ఓపీ హాలు షాట్ కింద నేను "రోజూ వందలమంది నమ్మి వచ్చే చోటు" అని రాసి ఉన్నాను. తెర మీద ఖాళీ కుర్చీలు. సిబ్బందినే రోగుల్లా కూర్చోబెట్టి చూశారు, అందరూ ఒకే వయసువాళ్లు, ఒకే రకం చెప్పులు. తీసేశారు. పొద్దున్నే నేల తుడుస్తున్న ఆయమ్మ, డ్యూటీ మారుతూ ఫైళ్లు అప్పజెప్పుకుంటున్న నర్సులు మాత్రం చాలా బాగా వచ్చారు. అక్కడే మెట్ల మీద కూర్చుని కొత్త వాక్యం రాశాను: "పొద్దున ఆరు గంటలు. ఇంకా ఎవరూ రాలేదు. వీళ్లు మాత్రం వచ్చేశారు." నాకు స్క్రిప్టు మొత్తంలో ఇష్టమైన వాక్యం ఇదే. క్వాలిటీ మేనేజర్ వాట్సాప్‌లో చూసి "ఎవరూ రాలేదు అంటే మన ఆసుపత్రికి జనం రారనుకోరూ?" అని జవాబిచ్చారు. "ఇంకా ఓపీ మొదలవలేదు" అని మార్చాను. రెండక్షరాలు పెరిగాయి, అందం కాస్త తగ్గింది, గొడవ తీరింది.

ఎంఆర్‌ఐ దగ్గర ఇంకో దెబ్బ. యంత్రం చుట్టూ కెమెరా తొమ్మిది సెకన్లు తిరుగుతుందని ప్లాన్. టెక్నీషియన్ తలుపు దగ్గరే ఆపేశాడు. అందులోని అయస్కాంతం స్కాన్ చేస్తున్నప్పుడే కాదు, ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. ఇనుము ఉన్న వస్తువు ఏది లోపలికి పోయినా లాగేసుకుంటుంది. కెమెరా, దాన్ని పట్టుకునే గింబల్, కెమెరామన్ బెల్టు, ఏవీ లోపలికి పోవడానికి లేదు. చివరికి కంట్రోల్ రూమ్ అద్దంలోంచి కదలని షాట్ తీశారు. నాలుగు సెకన్లకు మించి ఎవరూ చూడలేరు దాన్ని. కింద నా వాక్యం చూడండి: "శరీరంలోని ప్రతి సూక్ష్మ భాగాన్నీ స్పష్టంగా చూపే 1.5 టెస్లా ఎంఆర్‌ఐ స్కానింగ్ సేవలు రాత్రింబవళ్లు అందుబాటులో ఉన్నాయి." తొమ్మిది సెకన్ల వాక్యం, నాలుగు సెకన్ల బొమ్మ. షూటింగ్ అయిన రోజే ఎడమ పక్క గళ్లన్నీ మళ్లీ నింపుకుని ఉండాల్సింది. ఎడిటర్ ఎలాగోలా సర్దుతాడులే అని వదిలేశాను.

మార్చి 2న ఎడిటర్ కుర్రాడు స్క్రాచ్ వాయిస్ అడిగాడు. అసలు గొంతు వచ్చేదాకా ఎడిటింగ్‌కు ఆధారంగా మనమే చదివి ఇచ్చే ముడి రికార్డింగ్ అది. రాత్రి ఇంట్లో ఫ్యాను ఆపి, దుప్పటి కప్పుకుని ఫోన్లో చదివి పంపాను. 2.50. ఎంఆర్‌ఐ దగ్గర బొమ్మ చాలక అదే యంత్రాన్ని రెండుసార్లు చూపించి, మిగతా ఫిల్మంతా నా గొంతుకు సరిగ్గా సరిపోయేలా కట్ చేశాడు. మార్చి 8న రఫ్ కట్ చూశాం. కొంచెం పరుగులాగా ఉందనిపించింది, కానీ నా గొంతు బాగా లేదు కాబట్టి అలా ఉందేమో అనుకున్నాను.

మార్చి 13, విజయవాడలో రికార్డింగ్ స్టూడియో. గంటకు వెయ్యి. గొంతు ఇవ్వడానికి వచ్చినావిడ రేడియోలో చాలా ఏళ్లు అనౌన్సర్‌గా చేశారు, అరవై దాటాయి. ఆవిడకు ఆరు వేలు. కూర్చోగానే కాగితాలు తిరగేసి "ఇదేమిటి నాయనా, వాక్యం ఈ పేజీలో మొదలై ఆ పేజీలో అయిపోతోంది? తిప్పిన చప్పుడు మైకులో పడదా?" అన్నారు. అక్కడికక్కడ మళ్లీ ప్రింట్లు తీయించాం, పెద్ద అక్షరాలతో, వాక్యం విరగకుండా. 'OP', 'ICU' అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నవాటిని ఓపీ, ఐసీయూ అని తెలుగులో రాయించుకున్నారు. చదువుతుంటే కన్ను లిపి మారినప్పుడల్లా తడబడుతుందట.

తరువాత మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివారు. ఎంత బాగుందో. గుండెకు హత్తుకునేలా, ప్రతి మాటా విడివిడిగా, ఏ తొందరా లేకుండా. ముగించేసరికి ఇంజనీర్ తెర మీద చూపించాడు: 3 నిమిషాల 40 సెకన్లు.

ఫిల్ము మూడు నిమిషాలు. బొమ్మలు అయిపోయాక కూడా ఆవిడ ఇంకా నలభై సెకన్లు మాట్లాడుతున్నారు. ఎడిటర్ ఆమె గొంతును కంప్యూటర్లో వేగం పెంచి వినిపించాడు. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర హెచ్చరిక గడగడా చదివేస్తారే, అచ్చం అలా ఉంది. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి నవ్వారు. "నువ్వు వేగంగా చదువుతావు నాయనా, ఎందుకంటే రాసింది నువ్వే. నీకు తరువాతి మాట ముందే తెలుసు. వినేవాడికి తెలియదుగా. ఇంకోటి, కామా ఉన్నచోట నేను ఊపిరి తీసుకుంటాను. నువ్వు అందానికి పెట్టిన కామాలన్నిటి దగ్గరా ఊరికే ఊపిరి తీశాను" అన్నారు. సిగ్గుతో నాకు మాట రాలేదు. రెండు గంటల స్టూడియో అద్దె, ఆవిడ శ్రమ వృథా. మళ్లీ రావడానికి మూడు వేలు చాలన్నారు. అది నేనే ఇస్తానన్నాను, డైరెక్టర్ వద్దనలేదు.

ఆ రాత్రి రికార్డింగ్‌ను ముందు పెట్టుకుని లెక్క మొదలుపెట్టాను. పదాలు లెక్కపెడితే పని జరగదని త్వరగానే తెలిసింది. ఇంగ్లిష్ వాయిస్ ఓవర్‌కు నిమిషానికి నూట యాభై పదాలని చెబుతుంటారు. ఆ లెక్క తెలుగుకు ఎలా సరిపోతుంది? 'ఇది' ఒక పదమే, 'తీసుకెళ్లాల్సినవాళ్లందరినీ' కూడా ఒక పదమే. అందుకని అక్షరాలు లెక్కపెట్టాను, రాసినవి కాదు, పలికేవి. పొల్లు హల్లుకు లెక్క లేదు. క్యాథ్‌ల్యాబ్ కాగితం మీద పొడుగు, నోట్లో రెండే. హైస్కూల్లో తెలుగు మాస్టారు గణాలు కట్టించినప్పుడు ఇంతగా ఉపయోగపడుతుందని కలలో కూడా అనుకోలేదు. గురువులు ఎక్కువున్న పాదం నెమ్మదిగా, లఘువులున్నది చకచకా సాగుతుందన్న సంగతి ఇక్కడా నిజమే, కాబట్టి లెక్క ఉజ్జాయింపే. అయినా సరిపోతుంది.

స్క్రిప్టులో మొత్తం దాదాపు 1100 అక్షరాలు. ఆవిడ 220 సెకన్లలో చదివారు. ఊపిరి ఆగిన చోట్లతో కలిపి సెకనుకు ఐదు. నేను 170 సెకన్లలో చదివాను, సెకనుకు ఆరున్నర. తేడా అదీ. నాకు దొరికిన కొలబద్ద ఆ ఐదు. నాలుగు సెకన్ల షాట్ అంటే గరిష్ఠంగా ఇరవై అక్షరాలు, ముందూ వెనకా కాస్త గాలి ఆడాలంటే పదిహేడు.

అంకెలే పెద్ద మోసం. కాగితం మీద 1998 నాలుగు గుర్తులు. చదివితే 'పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది', పదమూడు అక్షరాలు, రెండున్నర సెకన్లు. ఆ ఏడు తెర మీద అంకెల్లో వేసి, గొంతులో 'పాతికేళ్ల కిందట' అన్నాను. ఏడక్షరాలు. చివర్లో ఫోన్ నంబరు వాయిస్‌లోంచి పూర్తిగా తీసేశాను. పది అంకెలు చదివితే ఐదు సెకన్ల పైనే, విని రాసుకునేవాడు ఎవడూ ఉండడు.

ఎడిటర్‌ను అడిగి షాట్ల జాబితా తెప్పించుకున్నాను. 46 షాట్లు, ఒక్కోటి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సెకన్లతో సహా. దాన్ని వాక్యాల పక్కన పెట్టి చూస్తే, నా తప్పు వేగం ఒక్కటే కాదని అప్పుడు బయటపడింది. క్యాథ్‌ల్యాబ్ ముక్క చెబుతాను, పద్నాలుగు సెకన్లది. మొదట స్ట్రెచర్ తలుపు తోసుకుని వస్తుంది, మూడు సెకన్లు. తరువాత బల్ల చుట్టూ సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తిరుగుతుంది, నాలుగు. తరువాత మానిటర్ మీద మందు రంగు రక్తనాళంలో పారుతూ ఒకచోట సన్నబడుతుంది, నాలుగు. చివర బయట బెంచీ మీద ఉన్న భార్య, డాక్టర్ రావడం చూసి లేస్తుంది, మూడు. దీని కింద నేను రాసింది:

"గుండె రక్తనాళాల్లో ఏర్పడిన అడ్డంకులను గుర్తించి తక్షణమే తొలగించే అత్యాధునిక క్యాథ్‌ల్యాబ్ మా ఆసుపత్రి ప్రత్యేకత."

నలభై మూడు అక్షరాలు. పద్నాలుగు సెకన్లలో సులువుగా పడుతుంది. మరి తప్పెక్కడ? 'క్యాథ్‌ల్యాబ్' అన్న మాట ముప్ఫై రెండు అక్షరాల తరువాత వస్తోంది, అంటే ఆరు సెకన్లు దాటాక. సీ-ఆర్మ్ అప్పటికే తిరగడం అయిపోతోంది. 'అడ్డంకి' అన్న మాట మూడో సెకనుకు ముందే వచ్చేస్తోంది, తెర మీదేమో ఇంకా స్ట్రెచరే ఉంది. అడ్డంకి కనిపించేది ఏడో సెకను తరువాత. పేరు ఆలస్యం, వివరం ముందు. బొమ్మ ఒక దారిన, మాట ఒక దారిన.

తెలుగులో మనం ఒక వస్తువు గురించి చెప్పాల్సిన విశేషణాలన్నీ ముందు చెప్పి, వస్తువు పేరు వాక్యం తోక దగ్గర పెడతాం. 'గుర్తించే, తొలగించే, అందించే, ఫలానా' అని. కాగితం మీద అది తప్పు కాదు, కన్ను ముందుకూ వెనక్కూ పోగలదు. ఫిల్ములో ముందు వస్తువు కనిపిస్తుంది. చూసేవాడికి 'ఇదేమిటి' అన్న ప్రశ్న ఆ క్షణంలోనే పుడుతుంది. జవాబు ఐదారు సెకన్లు ఆగితే వాడు అడగడమే మానేస్తాడు. బ్రోచర్ అనువాదంలో ఇలాంటి వాక్యాలే నిండి ఉన్నాయి, నేనూ వాటినే అందంగా తిప్పి రాశాను. ఆ రాత్రి స్క్రిప్టంతా తిరగేసి 'ఇంచే' అన్న చోటల్లా ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టాను. ఇరవై ఒకటి దొరికాయి.

మార్చిన క్యాథ్‌ల్యాబ్ ముక్క ఇదీ. స్ట్రెచర్ మీద: "గుండెపోటు అని తేలితే," తొమ్మిదక్షరాలు. సీ-ఆర్మ్ మొదలవగానే: "నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కే." ఆరక్షరాలు, మిగిలిన దాదాపు మూడు సెకన్లూ యంత్రం చప్పుడు. మానిటర్ మీద: "అడ్డంకి ఎక్కడుందో ఈ తెర మీద కనిపిస్తుంది." పదిహేడు. భార్య లేచే షాట్ కింద ఏమీ లేదు. మొదట అక్కడ 'ఆనందాన్ని తిరిగి ఇస్తున్నాం' లాంటిదేదో రాయబోయాను. ఆవిడ మొహం చూశాక కొట్టేశాను. అన్నట్టు ఆవిడ నటి కాదు, నిజంగా రోగి భార్యే. ఆయన డిశ్చార్జి అయ్యాక ఇద్దరి దగ్గరా సంతకాలు తీసుకుని, మళ్లీ అదే బెంచీ మీద కూర్చోబెట్టి తీశారు. లేచేటప్పుడు చీర కొంగు చేతికి చుట్టుకున్నారు, అది ఎవరూ చెప్పింది కాదు.

ఎంఆర్‌ఐ కింద "ఎంఆర్‌ఐ స్కాన్ రాత్రీ పగలూ ఉంటుంది." పన్నెండు అక్షరాలు. టెస్లా పోయింది. రేడియాలజిస్ట్ గారు కొంచెం నొచ్చుకున్నారు, తెర మీద చిన్నగా రాయిస్తే శాంతించారు.

ఇలా నాలుగు రాత్రులు పట్టింది. 1100 అక్షరాలు 620కి దిగాయి. అంటే గొంతు రెండు నిమిషాల నాలుగు సెకన్లు, మిగతా యాభై ఆరు సెకన్లు మ్యూజిక్, అడుగుల చప్పుడు, మానిటర్ బీప్. తక్కువైందని ఎండీ గారు అంటారేమోనని భయపడ్డాను. డబ్బు పెట్టినవాళ్లకు నిశ్శబ్దం అంటే పడదు, ప్రతి సెకనూ మాటతో నింపితేనే గిట్టుబాటు అనుకుంటారు. అందుకే ఈసారి కాగితం పంపలేదు. మార్చి 17 రాత్రి మళ్లీ దుప్పటి కప్పుకుని, పక్కన ఆవిడ రికార్డింగ్ వింటూ, ఆ నడకలోనే స్క్రాచ్ చదివాను. ఎడిటర్ దాన్ని బొమ్మలకు అతికించి ఫిల్ముగానే పంపాడు. ఎండీ గారు చూసి ఒక్క మార్పే అడిగారు, చివర ఆసుపత్రి పేరు ఇంకోసారి రావాలని. ఎనిమిది అక్షరాలు. ఆటో షాట్ రెండు సెకన్లు పెంచారు.

మార్చి 19న రెండో రికార్డింగ్. ఈసారి ఆవిడ బొమ్మ చూస్తూ చదివారు. ప్రతి వాక్యం పక్కన అది ఎన్నో సెకనులో మొదలవ్వాలో రాసిచ్చాను. షాట్ మారిన వెంటనే కాకుండా అర సెకను ఆగి మొదలుపెడితే బాగుంటుందని ఆవిడే చెప్పారు, కన్ను కుదురుకున్నాక చెవి తెరుచుకుంటుందట. ముప్ఫై ఐదు నిమిషాల్లో ముగిసింది. ఒకే ఒక్క చోట ఆగారు. 'సర్టిఫికేషన్ పొందిన' దగ్గర నాలుక మెలిక పడి మూడుసార్లు తీసుకున్నారు. "దీన్ని నువ్వు ఒకసారి పైకి చదివావా నాయనా?" అన్నారు. చదవలేదు, లెక్కపెట్టానంతే. 'పొందిన' తీసేసి 'ఉన్న' అన్నాం.

ఖర్చు చెప్పాలి కదా. రెండో రికార్డింగ్‌కు ఆవిడకు మూడు వేలు, స్టూడియోకు వెయ్యి నా చేతి నుంచి పోయాయి. పదిహేనులో పదకొండు మిగిలాయి. బాకీ పది వేలు మే 9న పడ్డాయి, ప్రారంభం జరిగిన నలభై రోజులకు. స్క్రిప్టు రాయకముందే ఆవిడ చేత ఒక్క పేరా ఫోన్లో చదివించుకుని ఉంటే ఆ నాలుగు వేలూ మిగిలేవి. ఇప్పుడు ఎవరు పని చెప్పినా ముందు గొంతు ఎవరిదని అడుగుతున్నాను.

మార్చి 30, ఉగాది. షామియానా కింద ఎల్ఈడీ తెర. క్యాథ్‌ల్యాబ్ దగ్గర మాట ఆగి, బెంచీ మీంచి ఆవిడ లేచినప్పుడు ముందు వరుసలో ఎవరో పెద్దాయన "సౌండ్ పోయిందా?" అని పక్కాయన్ను అడగడం నాకు వినిపించింది. పక్కాయన "ష్" అన్నాడు. ఆ 'ష్'కు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

మే నెలలో మా అత్తగారిని చూపించడానికి అదే ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ హాల్లో టీవీలో మన ఫిల్మే తిరుగుతోంది. సౌండ్ లేదు. రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగితే "సౌండ్ పెడితే టోకెన్ నంబర్లు వినపడట్లేదండీ, మొదటి వారంలోనే తీసేశాం" అంది. మా టోకెన్ వచ్చేలోగా ఫిల్ము తొమ్మిదిసార్లు తిరిగింది. ప్రతిసారీ ఏ షాట్‌కు ఏ మాటో నా లోపల వినిపిస్తూనే ఉంది, గొంతు ఇచ్చినావిడ నడకలో.

పోయిన వారం డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేశాడు. హాల్లో టీవీల కోసం ఫిల్ముకు సబ్‌టైటిల్స్ వేయాలట, రెండు వేలిస్తారట. తెర మీద ఒక లైనులో ఎన్ని తెలుగు అక్షరాలు పడతాయో ఎడిటర్‌ను కనుక్కుని చెప్పమన్నాను.